గాయపడిన గిరాకీకి దుకాణదారు రాసే జవాబు

దుకాణంలో కొన్న వస్తువు వల్ల ఒంటికి దెబ్బ తగిలిందని గిరాకీ ఉత్తరం రాస్తే, దుకాణదారులు సాధారణంగా రెండు రకాలుగా జవాబిస్తారు. "మా సామాను మంచిదే, మీరే సరిగ్గా వాడలేదు" అనేది ఒకటి. "తప్పు మాదే, క్షమించండి, ఖర్చంతా మేమే పెట్టుకుంటాం" అనేది రెండవది. మొదటిది కోపంలో రాసేది, రెండవది భయంలో రాసేది. పైకి ఈ రెండింటికీ పొత్తు లేదు గాని, లోపల ఉన్న లోపం ఒక్కటే. రాసేవాడు తనకు తెలియని సంగతిని తెలిసినట్టుగా రాశాడు. దెబ్బ ఎందువల్ల తగిలిందో ఆ రోజుకు ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

మూడవ రకం జవాబు ఒకటుంది. మర్యాద తప్పకుండా, తెలిసింది మాత్రమే చెప్పి, తెలియనిదాన్ని తెలియదని చెప్పే జవాబు. అది ఎట్లా ఉంటుందో, ఎందుకట్లా ఉండాలో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. ఉదాహరణ కల్పితమే. అందులోని చట్టం మాత్రం నిజం.

బీర్కూర్ మంజీర ఒడ్డున ఉన్న మండల కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సామాన్లకు అక్కడికే వస్తారు. అక్కడ ఒక స్టీలు సామాన్ల దుకాణం ఉందనుకుందాం. పక్క ఊరి గృహిణి ఒకామె 2025 జనవరి 10న ఆ దుకాణంలో 5 లీటర్ల ప్రెషర్ కుక్కరు కొన్నది. ఆగస్టు 4న మూత రబ్బరు వదులైందని తీసుకొస్తే, దుకాణంలో పనిచేసే అబ్బాయి కొత్త రబ్బరు వేసి ఇచ్చిండు. సెప్టెంబరు 14న పప్పు ఉడుకుతుండగా మూత ఎగిరిపడి ఆమె కుడిచేయి, మెడ కాలినయి. నాలుగు రోజుల తర్వాత ఆమె దుకాణదారుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంలో మూడు మాటలున్నయి. కుక్కరు మంచిది కాదు. మీ పిల్లగాడు రబ్బరు మార్చినంకనే ఇట్లయింది. ఆసుపత్రి ఖర్చు 11,400 రూపాయలు మీరే ఇయ్యాలె.

దుకాణదారు కలం పట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోవాలి. తాను కళ్ళారా చూసినవీ, తన పుస్తకాల్లో ఉన్నవీ మొదటి గడిలోకి వెళ్ళాలి. ఇతరులు చెప్పగా విన్నవి రెండవ గడిలోకి. తాను ఊహించుకుంటున్నవి మూడవ గడిలోకి. బిల్లు పుస్తకం, చిట్టా మొదటి గడిలోవి. మూత ఎగిరిపడిందన్న మాట రెండవ గడిలోది, ఎందుకంటే ఆ సమయంలో ఆయన వాళ్ళ వంటింట్లో లేడు. "ప్రెషర్ దిగకముందే మూత తీసి ఉంటారు" అన్నది మూడవ గడిలోది. "రబ్బరు సరిగ్గా కూర్చోలేదేమో" అన్నదీ మూడవ గడిలోదే. మొదటి ఊహ ఆయనకు అనుకూలం, రెండవది ప్రతికూలం. అంతమాత్రాన ఒకటి నిజమూ, ఇంకొకటి అబద్ధమూ అయిపోవు. ఉత్తరంలోకి మొదటి గడి యథాతథంగా వెళ్తుంది. రెండవ గడి "మీరు చెప్పినట్టు", "అబ్బాయి చెప్పినట్టు" అన్న మాటలతో వెళ్తుంది. మూడవ గడి అసలే వెళ్ళదు.

ఇక ఏ సంగతులు రాయాలన్న ప్రశ్న. దీనికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దారి చూపిస్తుంది. ఆ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. వస్తువు వల్ల కలిగిన హానికి దాన్ని తయారుచేసినవాడు ఎప్పుడు బాధ్యుడో, అమ్మినవాడు ఎప్పుడు బాధ్యుడో అందులో విడివిడిగా చెప్పారు. తాను తయారుచేయని వస్తువును అమ్మిన దుకాణదారు, అమ్మినంత మాత్రాన ప్రతి దెబ్బకూ బాధ్యుడు కాడు. అయితే 86వ సెక్షను ప్రకారం కొన్ని పరిస్థితుల్లో అవుతాడు. వస్తువు రూపకల్పన, పరీక్ష, ప్యాకింగు వంటివాటిలో అతనికి గణనీయమైన పెత్తనం ఉంటే ఒకటి. అతను వస్తువును మార్చి ఉండి, ఆ మార్పే హానికి ముఖ్యకారణమైతే ఇంకొకటి. కంపెనీ హామీకి వేరుగా తానే హామీ ఇచ్చి, వస్తువు ఆ హామీకి తగ్గట్టు లేకపోతే మరొకటి. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందించడం సాధ్యం కాకపోయినా బాధ్యత అమ్మినవాడి మీదికే వస్తుంది. చివరిది, వస్తువును బిగించడంలో, చూసి ఇవ్వడంలో, మరమ్మతులో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, కంపెనీ ఇచ్చిన హెచ్చరికలను, సూచనలను కొన్నవారికి అందించకపోయినా బాధ్యుడే.

ఈ జాబితా చూస్తే మన దుకాణదారు ఏయే సంగతులకు జవాబివ్వాలో తేలిపోతుంది. కుక్కరు ఎవరు తయారుచేసిండ్రు, వాళ్ళ చిరునామా ఏది? పెట్టెలో సూచనల పుస్తకం ఉందా? తాను వేరే హామీ ఏదైనా ఇచ్చిండా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రబ్బరు సంగతేమిటి? ఇక్కడే ఆయనకు అసలు పరీక్ష. చిట్టాలో చూస్తే, ఆగస్టు 4న వేసిన రబ్బరు కుక్కరు కంపెనీది కాదు, వేరే తయారీ. ఆ మాట రాస్తే తనకే చేటేమో అనిపిస్తుంది. రాయకపోతే మిగతా ఉత్తరమంతా నిజమే అయినా, మొత్తంమీద చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. పైగా ఆ గిరాకీకి ఆ రబ్బరు వేయించుకున్న సంగతి తెలుసు. రేపు జిల్లా కమిషన్ ముందు చిట్టా తెరిస్తే, రబ్బరు కన్నా రబ్బరు సంగతి దాచిన ఉత్తరమే ఎక్కువ చెడ్డ సాక్ష్యమవుతుంది.

ఇప్పుడు ఉత్తరం చూడండి.

బీర్కూర్,
20-9-2025.

శ్రీమతి ............ గారికి,

నమస్కారములు. 18వ తేదీన మీరు రాసిన ఉత్తరం నిన్న నాకు అందింది. మీ చేయి, మెడ కాలినవని చదివి చాలా విచారించాను. మీరు త్వరగా కోలుకోవాలని మా ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నాము. మీరు అడిగినవాటికి, నాకు తెలిసినంతవరకు ఈ క్రింద రాస్తున్నాను.

1. మా బిల్లు పుస్తకం ప్రకారం, 10-1-2025న బిల్లు నెంబరు 418 మీద మీకు 5 లీటర్ల కుక్కరు అమ్మాము. బిల్లు నకలు జతపరిచాను. తయారుచేసిన కంపెనీ పేరు, చిరునామా, కుక్కరు పెట్టె మీద ఉన్న ఐఎస్‌ఐ లైసెన్సు నెంబరు బిల్లు వెనుక రాశాను.

2. కంపెనీవారి సూచనల పుస్తకం పెట్టెలోనే ఉంటుంది. ఆ రోజు నేను నోటితో మీకు ఏయే జాగ్రత్తలు చెప్పానో నాకిప్పుడు జ్ఞాపకం లేదు. కంపెనీ హామీ తప్ప మా దుకాణం తరఫున వేరే హామీ ఇచ్చినట్టు బిల్లులో లేదు.

3. మా చిట్టా ప్రకారం, 4-8-2025న మీ కుక్కరు మూతకు మా దుకాణంలో కొత్త రబ్బరు వేశాము. ఆ రబ్బరు కుక్కరు కంపెనీది కాదు, వేరే తయారీ. ఆ సమయంలో నేను దుకాణంలో లేను. అదే కొలత రబ్బరు వేసి, మూత పెట్టి చూపించి ఇచ్చానని మా అబ్బాయి చెప్పాడు. ఆ రకం రబ్బర్లు ఇంకా రెండు మా దగ్గర ఉన్నాయి. వాటిని అమ్మకుండా విడిగా పెట్టాను.

4. 16వ తేదీన మీ ఇంటివారు కుక్కరు తెచ్చి చూపించారు. మూత అంచు ఒకచోట వంగి ఉండటం నేను చూశాను. సేఫ్టీ వాల్వును గాని, సీటీ గొట్టం లోపల గాని నేను పరీక్షించలేదు. కుక్కరును అదే రోజు వారితో తిరిగి పంపాను.

5. మూత ఎందువల్ల ఎగిరిందో నాకు తెలియదు. చూసినంత మాత్రాన చెప్పగల అర్హత నాకు లేదు. కంపెనీవారికి ఈ రోజే ఉత్తరం రాశాను, నకలు జతపరిచాను.

6. ఆసుపత్రి ఖర్చు గురించి: కారణం తేలకముందు ఔనని గాని కాదని గాని నేను చెప్పలేను. కంపెనీ నుంచి జవాబు వచ్చిన మూడు రోజుల్లో మీకు తెలియజేస్తాను. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతిని అక్టోబరు 10లోగా రాస్తాను.

ఒక మనవి. కుక్కరును, మూతను, రబ్బరును, సీటీని కడగకుండా, బాగుచేయించకుండా ఇప్పుడున్నట్టే భద్రపరచండి. మాకైనా సరే, రశీదు లేకుండా ఇవ్వకండి.

ఇట్లు,
మీ విధేయుడు,
(సంతకం)

ఇందులో కొన్ని మాటలను దగ్గరగా చూడాలి. "మీ చేయి కాలినవని చదివి చాలా విచారించాను" అన్నది సానుభూతి. "మా పొరపాటుకు క్షమించండి" అని ఉంటే అది ఒప్పుకోలు. మొదటిది బాధను గుర్తిస్తుంది, రెండవది కారణాన్ని తేలుస్తుంది. మన సాక్ష్య చట్టంలో ఒక పక్షం రాతపూర్వకంగా ఒప్పుకున్న మాట ఆ పక్షం మీదనే సాక్ష్యంగా పనికొస్తుంది. 1872 నాటి చట్టంలో ఉన్న ఈ సూత్రం, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. ఒప్పుకోలు తిరుగులేని రుజువు కాదు, అది తప్పని చూపించవచ్చు. కాని ఆ చూపించే బరువు ఒప్పుకున్నవాడి మీద పడుతుంది. భయంలో రాసిన ఒక్క వాక్యాన్ని రద్దు చేసుకోవడానికి ఏళ్ళు పట్టవచ్చు.

అట్లని చల్లగా, పొడిగా రాయడం మార్గం కాదు. కాలిన చేయి సంగతి ఎత్తకుండా బిల్లు నెంబరుతో మొదలుపెట్టే ఉత్తరంలో తప్పుపట్టడానికి ఒక్క అక్షరం ఉండకపోవచ్చు, కాని చదివిన మనిషికి ఒళ్ళు మండుతుంది. మర్యాద అంటే ఇక్కడ తీయని మాటలు కాదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండటం, జవాబు తెలియనిచోట ఎప్పటిలోగా మళ్ళీ రాస్తాడో తేదీ ఉండటం, ఆమె మాటను అబద్ధమనకుండా ఉండటం. ఆరవ అంశంలో డబ్బు ఇస్తానని లేదు, ఇవ్వనని లేదు. అయినా అది తప్పించుకునే మాట కాదు, ఎందుకంటే గడువు ఉంది.

నాలుగవ అంశంలో "మూత అంచు ఒకచోట వంగి ఉంది" అని రాసి ఊరుకున్నాడు. "దెబ్బకు వంగింది" అనలేదు, "ముందే వంగి ఉంటుంది" అనలేదు. కళ్ళు చూసింది వంపును మాత్రమే, అది ఎప్పుడు వచ్చిందో కళ్ళు చూడలేదు. అట్లాగే అబ్బాయి మాటను అబ్బాయి మాటగానే రాసిండు. "కొలత సరైన రబ్బరే వేశాము" అని రాసి ఉంటే, తాను లేనప్పటి సంగతికి తానే పూచీ పడినట్టయ్యేది. దుకాణదారులు అలవాటుగా రాసే ఇంకో వాక్యం కూడా ఇందులో లేదు: "ఇన్నేళ్ళలో మాకు ఇటువంటి ఫిర్యాదు ఒక్కటీ రాలేదు." ఫిర్యాదులను రాసిపెట్టే పుస్తకం లేని దుకాణంలో ఆ వాక్యానికి ఆధారం జ్ఞాపకమే. ఉన్నా, అది ఈ కుక్కరు గురించి ఏమీ చెప్పదు.

కారణం తెలియదని చెప్పడం నిజంగా నిజాయితీయేనా, లేక తెలివిగా తప్పుకోవడమా అని మిత్రులు అడగవచ్చు. దానికి కుక్కరు ఎట్లా పనిచేస్తుందో కొంచెం చూడాలి. మామూలు కుక్కరులో ఆవిరి ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడికి పైన చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో వరకు పెరిగి, నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ ఒత్తిడి దాటితే సీటీ లేచి ఆవిరి పోతుంది. పప్పు నురగ గొట్టంలో అడ్డుపడి సీటీ లేవకపోతే, సేఫ్టీ వాల్వులోని తక్కువ వేడికే కరిగే లోహం కరిగి ఆవిరికి దారి ఇవ్వాలి. కనుక మూత ఎగిరిందంటే అనేక దారులున్నయి. గొట్టం మూసుకుపోయి, వాల్వు కూడా పనిచేయకపోయి ఉండవచ్చు. మూత పూర్తిగా బిగుసుకోకముందే ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. రబ్బరు మందం తేడా వల్ల మూత సరిగ్గా కూర్చోకపోయి ఉండవచ్చు. లోపల ఒత్తిడి ఉండగానే మూత తిప్పి ఉండవచ్చు. వాల్వులోని లోహం కరిగిందా లేదా, గొట్టంలో ఎండిన పప్పు ఉందా, మూతను పట్టి ఉంచే అంచులు అరిగినయా అన్నవి చూస్తే కొన్ని దారులు మూసుకుపోతాయి. అదీ పరికరాలున్నవాళ్ళు చూడాలి. ఇందుకే కడగవద్దన్న ఆ చివరి మనవి. శుభ్రంగా తోమిన కుక్కరు గొట్టంలో పప్పు ఉండేదా లేదా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ మనవి దుకాణదారుకు ఎంత అవసరమో గిరాకీకీ అంతే అవసరం. విషయం కమిషన్ దాకా పోతే, లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలదనుకున్నప్పుడు వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపే అధికారం కమిషనుకు ఉంది. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టం. కుక్కర్ల విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఐఎస్ 2347 ప్రమాణం ప్రకారం ఐఎస్‌ఐ ముద్ర లేని ప్రెషర్ కుక్కరును మన దేశంలో అమ్మరాదని ప్రభుత్వ ఉత్తర్వు, అది 2021 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. అందుకే ఉత్తరంలో లైసెన్సు నెంబరు ఇచ్చిండు. ఆ నెంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ అనే మొబైల్ యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ముద్ర ఉన్నంత మాత్రాన ఈ ఒక్క కుక్కరు మంచిదని రుజువు కాదు. లేకపోతే మాత్రం ఆ దుకాణదారుకు చెప్పుకోవడానికి మాటే ఉండదు.

అమ్మినవాడికి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్న ప్రశ్న ప్రపంచంలోనే పేరుపడ్డ ఒక వ్యాజ్యానికి మూలమైంది. 1928 ఆగస్టు 26న స్కాట్లాండులోని పైస్లీ పట్టణంలో, మింఘెల్లా అనే ఆయన నడిపే హోటల్లో మే డోనహ్యూ అనే ఆమెకు స్నేహితురాలు అల్లంతో చేసిన జింజర్ బీరు ఇప్పించింది. సగం తాగినాక మిగతాది ఒంపితే సీసాలోంచి కుళ్ళిన నత్త వచ్చిందనీ, తనకు జబ్బు చేసిందనీ ఆమె దావా. సీసా రంగు ముదురు, మూత బిగించి ఉంది, లోపల ఏముందో హోటలువాడు చూడగలిగే వీలు లేదు. అతనితో ఆమెకు కొనుగోలు ఒప్పందమూ లేదు, కొన్నది స్నేహితురాలు. చివరకు వ్యాజ్యం తయారుచేసిన స్టీవెన్‌సన్ మీదనే నడిచింది. 1932లో బ్రిటిష్ ప్రభువుల సభ, వస్తువు తయారుచేసేవాడు దాన్ని చివరకు వాడే మనిషి పట్ల జాగ్రత్త వహించాలని ముగ్గురు ఇద్దరి తేడాతో తీర్పు చెప్పింది. న్యాయవిద్యార్థులు అందరూ చదివే తీర్పు ఇది. కాని అందులో ఒక విశేషం చాలామంది గమనించరు. ఆ సీసాలో నత్త నిజంగా ఉందా అన్న సంగతిని ఏ కోర్టూ సాక్ష్యం విని తేల్చలేదు. "ఆమె చెప్పింది నిజమైతే" అన్న షరతు మీదనే తీర్పు వచ్చింది, తర్వాత ఇరుపక్షాలూ రాజీ పడ్డయి. అంత పెద్ద న్యాయమూర్తులు కూడా తేలని సంగతిని తేలినట్టు రాయలేదు. బీర్కూర్ దుకాణదారు ఉత్తరంలో "మా అబ్బాయి చెప్పాడు" అన్న మాటకు ఉన్న విలువ అదే.

ఈ ఉత్తరానికి హద్దులూ ఉన్నయి. కారణం తేలకపోయినా, మనిషి బాధ చూడలేక కొంత డబ్బు ఇద్దామని దుకాణదారుకు అనిపించవచ్చు. అట్లా ఇవ్వడంలో తప్పు లేదు, కాని దాన్ని ఈ ఉత్తరంలో కలపకూడదు. రాజీ మాటలు వేరే కాగితం మీద, ఆ మాటలను తర్వాత సాక్ష్యంగా వాడరాదన్న షరతు స్పష్టంగా రాసి నడపాలి. సివిల్ వ్యవహారాల్లో అట్లాంటి షరతును చట్టం మన్నిస్తుంది. సంగతులు చెప్పే ఉత్తరానికి ఆ షరతు తగిలిస్తే మాత్రం, ఉన్న నిజాన్ని కూడా దాచుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఇక వకీలు నోటీసు వచ్చిన తర్వాత దుకాణదారు సొంతంగా రాయడం ఆపి, చిట్టా పట్టుకుని తన వకీలు దగ్గరికి పోవాలి.

గిరాకీ కూడా ఈ ఉత్తరంతో తన హక్కు ఏమీ కోల్పోదు. కారణం పుట్టిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు ఆమె జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు, తాను నివసించే జిల్లాలోనే చేయవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. అప్పుడు ఆమె చేతిలో బిల్లు నకలు ఉంటుంది, కంపెనీ చిరునామా ఉంటుంది, రబ్బరు ఎవరు, ఎప్పుడు, ఏ రకం వేసిండ్రో దుకాణదారు సంతకంతో ఉంటుంది. దుకాణదారు చేతిలో, తనకు తెలిసిందంతా అడిగిన రెండో రోజే చెప్పినట్టు నకలు ఉంటుంది. మూత ఎందుకు ఎగిరిందో ప్రయోగశాల చెప్పినప్పుడు, ఆ జవాబు ఎవరి వైపు తిరిగినా, ఈ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోవలసిన పని ఉండదు.